1947 నుంచి 1956 దాకా: నాలుగు గళ్ల పట్టిక



పరీక్షల ముందు చరిత్ర పట్టిక ఎలా వేసుకోవాలో చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. తేదీ, సంఘటన, కారణం, ఫలితం అని నాలుగు గళ్లు గీయడం అందరికీ వచ్చు. వాటిని నింపేటప్పుడే తంటా. మొత్తం సిలబస్ జోలికి పోను. 1947 నుంచి 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలో జరిగింది మాత్రం తీసుకుంటాను. నేను దిద్దిన పేపర్లలో మార్కులు ఎక్కువగా పోయింది ఇక్కడే.

మొదటి వరుస 1947 ఆగస్టు 15. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, నిజాం మాత్రం భారత్‌లో చేరలేదు. ఆ నవంబర్ 29న ఇరువర్గాలూ యథాతథ ఒప్పందం చేసుకున్నాయి. అంటే ఒక ఏడాదిపాటు ఉన్నది ఉన్నట్టు సాగాలని. ఈ వరుసను పిల్లలు తరచుగా వదిలేస్తారు. వదిలేస్తే స్వాతంత్ర్యం వచ్చాక పదమూడు నెలలు ఏం జరిగిందో చెప్పలేరు.

తర్వాతది 1948 సెప్టెంబర్. ఇక్కడ తేదీలు మూడు. 13న భారత సైన్యం రాష్ట్రంలోకి వచ్చింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. 18న ఆయన సేనాని ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ చౌదురి ముందు లాంఛనంగా లొంగిపోయాడు. మూడూ ఒకే గడిలో రాయండి, ఒక్కో తేదీ పక్కన ఒక్కో క్రియ ఉండాలి. కారణం గడిని మాత్రం అడ్డంగా రెండుగా చీల్చండి. నిజాం విలీనానికి ఒప్పుకోకపోవడం, దొరల భూస్వామ్యం మీద 1946 నుంచీ సాగుతున్న రైతుల పోరాటం పైభాగంలోకి వస్తాయి. రజాకార్ల దాడులు, చర్చలు బెడిసికొట్టడం కిందిభాగంలోకి వస్తాయి. పైనున్నవి చాలాకాలంగా రగిలినవి, కిందివి అప్పటికప్పుడు అంటుకున్నవి.

ఇక ఫలితం. ‘నిజాంను తొలగించారు’ అని రాసేవాళ్లే ఎక్కువ. అధికారం సైనిక గవర్నర్ చేతికి పోయిన మాట నిజమే. కానీ 1950 జనవరి 26న అదే నిజాం రాజప్రముఖ్ అయ్యాడు, 1956లో రాష్ట్రం విడిపోయేదాకా ఆ పదవిలో ఉన్నాడు. 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. పాలన పోయింది, పదవి మిగిలింది. ఆ రెండు ముక్కలూ రాస్తేనే ఆ గడి నిండినట్టు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు చివరి రెండు వరుసల్లో ఉంది. ‘పొట్టి శ్రీరాములు ఆమరణ దీక్ష వల్ల ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది’ అని ఏటా ఎవరో ఒకరు రాస్తారు. ఆయన 1952 డిసెంబర్ 15న కన్నుమూశారు. దాని ఫలితం 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా వచ్చిన ఆంధ్ర రాష్ట్రం. అందులో మనం లేం. 1956 నవంబర్ 1 వరుసకు కారణం వేరు. భాషను బట్టి రాష్ట్రాలు కావాలని అంతటా ఒత్తిడి పెరగడంతో ఫజల్ అలీ కమిషన్ వేశారు. తెలంగాణ ప్రాంతాన్ని అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచాలని, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది కోరితే ఆంధ్రతో కలపవచ్చని ఆ కమిషన్ చెప్పింది. అంతదాకా ఆగలేదు. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది, తెలంగాణకు కొన్ని రక్షణలు రాసుకున్నారు. ఈ రెండు వరుసలు కలిపేసిన పిల్లవాడికి 1969 ఉద్యమం ఎందుకొచ్చిందో అర్థం కాదు. ఆ రక్షణలు అమలు కాలేదన్నదే దాని కారణం గడిలో ఉంటుంది మరి.

1956 ఫలితాన్ని మన ఊరి పిల్లలు మంజీరను చూసి రాయవచ్చు. బీడ్ జిల్లా కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా వచ్చి, 1931లో పూర్తయిన మన కట్ట దాటి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే నది అది. కట్ట కట్టిననాడు ఆ దారంతా ఒకే రాష్ట్రం. 1956 నవంబర్ 1న బీడ్ బొంబాయి రాష్ట్రానికి, బీదర్ మైసూరుకు, మనం ఆంధ్రప్రదేశ్‌కు పోయాం. ఒక్క రాత్రిలో మన నీళ్లు మూడు రాష్ట్రాల నీళ్లయ్యాయి. పాఠ్యపుస్తకంలో ఇది ఉండకపోవచ్చు, కానీ జవాబులో రాస్తే తప్పు కాదు.

పట్టిక సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. ఒక్కో వరుసను ఒక్కో చీటీ మీద రాయండి, తేదీ మాత్రం వెనుకవైపు రాయండి. చీటీలు కలిపేసి, కారణం, ఫలితం చదివి వరుసలో పేర్చండి. ఒక చీటీలోని ఫలితం తర్వాతి చీటీలోని కారణానికి దారి తీయాలి. రెండు చీటీలు అటూ ఇటూ మార్చినా ఏ తేడా తెలియకపోతే కారణం సరిగా రాయలేదన్నమాట. ఆ చీటీ చింపి మళ్లీ రాసుకోండి. ముందు 1953, 1956 చీటీలతో మొదలుపెట్టండి.