దిద్దిన కాగితం పారేయకండి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముప్ఫై ఏళ్లుగా నా జీవనోపాధి ప్రూఫులు దిద్దడం. నా వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు అడిగారు. మన సంఘంలో ఉపాధ్యాయులు, రచయితలు, ఆఫీసుల్లో నివేదికలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకని మీకు పనికొచ్చే ఒక్క సంగతే చెబుతాను. ఎవరి తప్పుల చిట్టా వాళ్లు తయారుచేసుకోవడం ఎలాగో చెబుతాను.

నేను గమనించినదేమిటంటే, ఒక మనిషి రాతలో తప్పులు వందల కొద్దీ ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, వాటి రకాలు మాత్రం నాలుగైదే ఉంటాయి. అవే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అయితే మీ నాలుగు రకాలు, నా నాలుగు రకాలు ఒకటి కావు. కాబట్టి పుస్తకాల్లో దొరికే 'సాధారణ దోషాల పట్టిక' పెద్దగా అక్కరకు రాదు. మీ పట్టిక మీకు దిద్ది ఇచ్చిన కాగితాల్లోనే ఉంటుంది. మనమేమో దిద్దుబాట్లు ఎక్కించుకోగానే ఆ కాగితం పారేస్తాం.

నాకు తెలిసిన ఒక సైన్సు మాస్టారి విషయం చెబుతాను. ఆయన పదో తరగతి పిల్లల కోసం భౌతికశాస్త్రం పునశ్చరణ పుస్తకం రాస్తూ, ఒక్కో అధ్యాయం నాకు పంపేవారు. నేను ఎర్రసిరాతో దిద్ది పంపేవాణ్ణి. తర్వాతి అధ్యాయంలో మళ్లీ అవే తప్పులు! "ఈ వయసులో నా తెలుగు బాగుపడదులెండి, ఉన్నదున్నట్టు అచ్చుకిచ్చేద్దాం" అన్నారు ఒకరోజు. అలా ఇచ్చేస్తే ఆ తప్పులు ఆయనతో ఆగవు. పిల్లలు వాటినే చూసి నేర్చుకుంటారు, పరీక్షలో వాటినే రాస్తారు.

దిద్దిన మూడు అధ్యాయాలూ ముందేసుకుని కూర్చున్నాం. నోటుబుక్కులో రెండు గళ్లు గీశాం. ఎడమవైపు ఆయన రాసింది, కుడివైపు నేను దిద్దింది. ఒక్కో దిద్దుబాటుకు ఒక్కో వరుస. మొత్తం 58 వచ్చాయి.

అందులో ముందుగా 12 కొట్టేశాం. అవి తప్పులు కావు, నా అభిరుచి కొద్దీ మార్చినవి. 'ఉపయోగించి' అన్నచోట 'వాడి' అని పెట్టడం లాంటివి. దిద్దేవాడు మారితే అవీ మారతాయి కాబట్టి వాటికి చిట్టాలో చోటు లేదు. మరో 9 ఒక్కొక్కసారే వచ్చాయి. వాటిని నోటుబుక్కులోనే ఉంచాం. రెండు వేర్వేరు అధ్యాయాల్లో కనిపించిన తప్పే చిట్టాకెక్కాలని నియమం పెట్టుకున్నాం. మిగిలిన 37 తప్పులను, చూడ్డానికి ఎలా ఉన్నాయని కాకుండా, ఎందుకు వచ్చాయని విడదీస్తే నాలుగు గుంపులే తేలాయి.

మొదటిది ర్థ, ర్ధ తారుమారు. అవి 16. 'పదార్ధం', 'విద్యార్ధి', 'సామర్ధ్యం' అని రాశారు. మూడూ మూడు తప్పులుగా కనిపిస్తాయి గానీ, కారణం ఒక్కటే. రెండోది ద్ద, ద్ధ తారుమారు. 'పద్దతి', 'సిద్దాంతం' లాంటివి 9. మూడోది వాక్యం పొడుగైనప్పుడు క్రియ దారితప్పడం. "వేడిచేసినప్పుడు కడ్డీల పొడవు, మందం, వాటి మధ్య ఖాళీలు మారుతుంది" అన్నట్టు రాసినవి 7. నాలుగోది, మధ్యలో కొత్త బొమ్మ చేర్చాక పటం సంఖ్యలు మార్చకపోవడం. అవి 5.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. మొదటి గుంపు చూడగానే మాస్టారు కంప్యూటర్‌లో 'ర్ధ' ఉన్నచోటల్లా 'ర్థ' వచ్చేలా ఒకేసారి మార్చేశారు. దాంతో 'పదార్థం' బాగుపడింది గానీ, అంతకుముందు సరిగ్గా ఉన్న 'వ్యాసార్ధం' కాస్తా 'వ్యాసార్థం' అయింది, 'అర్ధవాహకం' 'అర్థవాహకం' అయింది. అర్ధం అంటే సగం, అర్థం అంటే భావం. రెండూ నిఖార్సైన మాటలే కనుక, అక్షరదోషాలు చూసే సాఫ్ట్‌వేర్ కూడా ఒకదానికి బదులు ఇంకోటి పడితే పట్టుకోలేదు. తేడా అంతా థలో ఉండే చిన్న చుక్కే కాబట్టి కంటికీ ఆనదు. యంత్రమూ కన్నూ రెండూ వదిలేసే ఇలాంటివాటికే చిట్టా ఎక్కువ అవసరం.

అందుకని చిట్టాలో 'ఒత్తులు జాగ్రత్త' అని రాసుకుంటే ప్రయోజనం లేదు. చేయాల్సిన పని రాసుకోవాలి. మాస్టారి చిట్టా ఇలా తయారైంది:

1. 'ర్థ', 'ర్ధ' రెండూ వెతకాలి, ప్రతిచోటా ఆగాలి. థ: అర్థం, పదార్థం, విద్యార్థి, సామర్థ్యం. ధ: వ్యాసార్ధం, అర్ధవాహకం, నిర్ధారణ.

2. 'ద్ద', 'ద్ధ' వెతకాలి. పద్ధతి, సిద్ధాంతం, శుద్ధి అన్నవాటికి ధ. అద్దం, పెద్ద, ముద్ద లాంటి తెలుగు మాటలకు ద. 'ఉద్దేశం' సంస్కృతమే అయినా దానికీ ద.

3. రెండు పంక్తులు దాటిన ప్రతి వాక్యంలో ముందు చివరి క్రియ చూడాలి, తర్వాత వెనక్కి వెళ్లి దాని కర్తను వేలితో చూపాలి.

4. 'పటం' అని వెతికి, ప్రతి సంఖ్యనూ బొమ్మ కింది సంఖ్యతో పోల్చాలి.

పోస్టుకార్డంత కాగితం సరిపోయింది. ఒక్కో పనికీ ఒక్కోసారి అధ్యాయమంతా తిరగాలి. నాలుగూ కలిపి చూడబోతే ఏదీ సరిగ్గా కనబడదు. నాలుగుసార్లు తిరిగితే ఆలస్యమవుతుందని ఆయనా అనుకున్నారు. కానీ ఇందులో చదవడం లేదు, వెతికి ఆగడమే. అంతకుముందు ఒక అధ్యాయాన్ని మూడుసార్లు చదవడానికి సాయంత్రమంతా పట్టేది. నాలుగో అధ్యాయానికి ఈ వెతుకులాట అరగంటలో అయిపోయింది. ఆ పైన ఒక్కసారి నిదానంగా చదివారు. నా చేతికి వచ్చేసరికి దిద్దడానికి ఆరు మిగిలాయి.

ఆ ఆరింటిలో ఒకటి చెప్పాలి. నిరోధం విలువకు 'ఓమ్' అని ఉండాల్సినచోట 'వోల్టు' అని పడింది. ఇది చిట్టాలో లేదు, అంతకుముందు ఎన్నడూ రాలేదు మరి. చిట్టా పాత తప్పులనే పట్టుకుంటుంది. కొత్తదాన్ని పట్టాలంటే చివరన ఒక్కసారైనా, వీలైతే మర్నాడు, పైకి చదవాల్సిందే. చిట్టా వల్ల లాభమేమిటంటే, ఆ చదువులో ఒత్తుల కోసం తడుముకోకుండా విషయం మీద దృష్టి పెట్టవచ్చు.

చిట్టా ఎప్పుడూ ఒకేలా ఉండకూడదు. వరసగా మూడు అధ్యాయాల్లో కనిపించని తప్పును కొట్టేయాలి. రెండోసారి కనిపించిన కొత్తదాన్ని చేర్చాలి. పది దాటనివ్వకూడదు, దాటితే ఎవరూ పాటించరు. మాస్టారి పుస్తకం పూర్తయ్యేసరికి మూడో అంశం దానంతటదే పోయింది. పొడుగు వాక్యాలు రాసేటప్పుడే ఆయన చెయ్యి ఆగడం మొదలైంది. మొదటి అంశం మాత్రం చివరిదాకా ఉంది. కొన్ని అలా ఉండిపోతాయి, వాటికోసమే కాగితం.

కంప్యూటర్‌లో దిద్దించుకునేవారికి ఒక మాట. దిద్దిన ఫైలు రాగానే మార్పులన్నీ ఒక్క నొక్కుతో ఒప్పేసుకోకండి. ముందు ఒక నకలు దాచండి. ఒప్పేసుకున్నాక రంగు గుర్తులు పోతాయి, వాటితో పాటు మీ చిట్టాకు ఉన్న ఆధారమూ పోతుంది.

ఇక్కడున్న తెలుగు ఉపాధ్యాయులకు ఒక విన్నపం. వ్యాసం దిద్ది ఇచ్చినప్పుడు, తప్పు మాటను పదిసార్లు రాయించే బదులు, నోటుబుక్కు చివరి పేజీలో రెండు గళ్లు గీయించి అందులో ఎక్కించమనండి. మూడు వ్యాసాలయ్యాక ఎవరి గుంపులు వాళ్లనే విడదీయమనండి. నాలుగో వ్యాసం మీకిచ్చేముందు ఆ పేజీ తెరిచి చూసుకోవడం వాళ్ల పని. ఎర్రసిరా మీకు ఎంత మిగులుతుందో ఏడాది చివర మీరే చూద్దురుగాని.