వీడియోలో దొర్లిన తప్పు

యూట్యూబ్‌లో పెట్టిన వ్యవసాయ వీడియో ఒకటి అనుకోండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె అనాల్సింది, 50 అనేశారు. ఏం చేయాలి?

ముందుగా సరైన కొలత, తప్పు దొర్లిన నిమిషం కామెంట్‌లో రాసి, దాన్ని పిన్ చేయండి. అయితే ఫుల్‌స్క్రీన్‌లో చూసేవారికి కామెంట్లు కనిపించకపోవచ్చు. మోతాదు తప్పయితే ఇది చాలదు.

అప్పుడు యూట్యూబ్ స్టూడియో ఎడిటర్‌లో ఆ ముక్క కత్తిరించాలి. లింకు, వ్యూస్, కామెంట్లు అలాగే ఉంటాయి. మార్పు కనబడటానికి కొన్ని గంటలు పట్టొచ్చు. ఈలోగా పాతదే నడుస్తుంది. అంకె ఒక్కటే కాకుండా వాక్యం మొత్తం తీసేయండి, లేకపోతే మాట మధ్యలో తెగినట్టుంటుంది. తర్వాతి భాగాలు ముందుకు జరుగుతాయి కనుక డిస్క్రిప్షన్‌లోని సమయాలూ దిద్దాలి.

కత్తిరించగలం గానీ కొత్త మాట చేర్చలేం. అదే లింకులో వేరే ఫైలు పెట్టే వీలూ లేదు. వీడియో అంతటా తప్పే ఉంటే మళ్లీ అప్‌లోడ్ చేయాల్సిందే. వ్యూస్ సున్నా నుంచి మొదలవుతాయి. పాతదాన్ని అన్‌లిస్టెడ్‌లో ఉంచి, కొత్త లింకును అక్కడ పిన్ చేయండి. వాట్సాప్‌లో ఫైలుగా తిరిగే కాపీలను మాత్రం ఇవేవీ దిద్దలేవు.