రెండు చేతుల గుణకారం: మాత్రికా వలయంలో ఐడియల్స్ ఎందుకు లేవు?



ఎవరి పేరు మీద ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు నల్లబల్ల మీద ఒక మాత్రిక రాసి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడేవారు. మేమే ఏదో ఒకటి అనాలి. అలా ఒకరోజు ఆయన రాసిన మాత్రిక ఇది.

```
A = | 1  2 |
    | 2  4 |
```

"దీన్ని కలిగిన ఐడియల్ ఎంత పెద్దది?" అని అడిగారు. నేను లేచి, దీని నిర్ధారకం సున్నా కాబట్టి, దీన్ని ఎటునుంచి దేనితో గుణించినా నిర్ధారకం సున్నాగానే ఉంటుంది, అందుచేత నిర్ధారకం సున్నా అయిన మాత్రికలు దాటి ఆ ఐడియల్ పోలేదు అన్నాను. ఆ జవాబు తప్పు. ఎందుకు తప్పో చెప్పడమే ఈ రోజు నా పని.

ముందు మాటలు తేల్చుకుందాం. F అనేది ఒక క్షేత్రం. అకరణీయ సంఖ్యలని అనుకోండి, చాలు. అందులోని సంఖ్యలతో రాసిన n × n మాత్రికలన్నీ కలిసి ఒక వలయం అవుతాయి. దాన్ని Mₙ(F) అంటాం. ఇందులో రెండువైపుల ఐడియల్ అంటే ఎలాంటి సమితి? అందులోని రెంటిని కూడినా, తీసివేసినా ఫలితం అందులోనే ఉండాలి. అందులోని మాత్రికను వలయంలోని ఏ మాత్రికతోనైనా, ఎడమ నుంచి గుణించినా కుడి నుంచి గుణించినా, ఫలితం మళ్ళీ అందులోనే ఉండాలి. సున్నా మాత్రిక ఒక్కటే ఉన్న సమితి అలాంటిది. మొత్తం వలయమూ అలాంటిదే. ఈ రెండూ తప్ప మూడోది లేదన్నదే సిద్ధాంతం.

మొదట ఎడమ చేతితో మాత్రమే గుణిద్దాం. మాస్టారి A లో రెండో నిలువు వరుస మొదటిదానికి రెట్టింపు. ఎడమ నుంచి X తో గుణిస్తే A అడ్డు వరుసలు కలగలిసిపోతాయి గాని, నిలువు వరుసల మధ్య ఉన్న ఆ బంధం చెదరదు. XA లో కూడా రెండో నిలువు వరుస మొదటిదానికి రెట్టింపే. కనుక ఈ బంధం ఉన్న మాత్రికలన్నీ కలిసి ఎడమవైపు ఐడియల్ అవుతాయి. అది సున్నా కాదు, మొత్తమూ కాదు. అంటే ఒకవైపు ఐడియల్స్‌కు ఇక్కడ కొరత లేదు. నిలువు వరుసల మధ్య ఏ బంధం పెట్టినా ఒకటి పుడుతుంది. కుడి నుంచి గుణిస్తే ఇదే కథ అడ్డు వరుసలకు వర్తిస్తుంది.

అసలు విషయం రెండు చేతులూ కలిసినప్పుడు మొదలవుతుంది. i వ అడ్డు వరుస, j వ నిలువు వరుస కలిసే గడిలో 1, మిగతా అన్నిచోట్లా సున్నా ఉన్న మాత్రికను Eᵢⱼ అందాం. దీన్ని ఎడమవైపు పెట్టి గుణిస్తే A లోని j వ అడ్డు వరుస i వ స్థానానికి వస్తుంది, మిగతా వరుసలు తుడిచిపెట్టుకుపోతాయి. కుడివైపు పెడితే i వ నిలువు వరుస j వ స్థానానికి వెళుతుంది, మిగతావి పోతాయి. ఎడమ చేయి ఒక అడ్డు వరుసను, కుడి చేయి ఒక నిలువు వరుసను పట్టుకుంటే మధ్యలో మిగిలేది ఒక్క గడి.

```
Eₚᵢ A Eⱼq = aᵢⱼ Eₚq
```

i, j గడిలో ఉన్న సంఖ్య ఒంటరిగా బయటికి వచ్చి, మనం కోరిన p, q గడిలో కూర్చుంటుంది. ఈ రోజు గుర్తుంచుకోవలసిన సూత్రం ఇదొక్కటే.

మాస్టారి మాత్రికతో చేసి చూద్దాం. మొదటి అడ్డు వరుస, రెండో నిలువు వరుసలో 2 ఉంది. E₁₁AE₂₁ కట్టండి, 2E₁₁ వస్తుంది. E₂₁AE₂₂ కట్టండి, 2E₂₂ వస్తుంది. రెండూ ఐడియల్‌లోనివే. ఒక్కొక్కదాని నిర్ధారకం సున్నాయే, అంతవరకు నేను అన్నది నిజం. కాని ఐడియల్‌లో కూడిక కూడా ఉంది. రెంటినీ కూడితే 2I వస్తుంది, దాని నిర్ధారకం 4. సగం చేస్తే I చేతికొచ్చింది. I ఉన్న ఐడియల్‌లో ప్రతి మాత్రికా ఉంటుంది, ఎందుకంటే ఏ Bని తీసుకున్నా B = BI. నేను గుణకారం చూసి కూడికను మరిచిపోయాను. ఏ మాత్రిక అయినా, ఎంత పెద్దదైనా, సున్నా కాని ఒక్క గడి ఉంటే చాలు. ఆ సంఖ్యను వికర్ణంలోని n గడులకూ చేర్చి, కూడి, దానితోనే భాగిస్తే I వస్తుంది.

సగం చేస్తే అని తేలిగ్గా అనేశాను. క్షేత్రం అవసరమైంది సరిగ్గా అక్కడే. పూర్ణసంఖ్యల మాత్రికల్లో 2I వరకు వస్తాం గాని, 2తో భాగించే హక్కు లేదు. అందుకే అక్కడ గడులన్నీ సరిసంఖ్యలైన మాత్రికలు నిజమైన రెండువైపుల ఐడియల్‌గా నిలుస్తాయి. అన్ని గడులూ 3 గుణిజాలైనవి మరొకటి. పై సూత్రం మాత్రం అక్కడా పనిచేస్తుంది కాబట్టి, సంఖ్యల వలయంలో ఎన్ని ఐడియల్స్ ఉన్నాయో మాత్రికల వలయంలోనూ సరిగ్గా అన్నే ఉంటాయి. క్షేత్రంలో ఉన్నవి రెండే కాబట్టి మనకూ రెండే.

మాత్రికలన్నీ అన్న మాటా ఊరికే పెట్టింది కాదు. వికర్ణం కింద అన్నీ సున్నాలైన మాత్రికలనే తీసుకుంటే, E₂₁ మన చేతిలో ఉండదు, సంఖ్యను కిందికి దించలేం. అప్పుడు వికర్ణం మీద కూడా సున్నాలే ఉన్నవి ఒక ఐడియల్ అయి కూర్చుంటాయి. అలాగే n పరిమితం కావాలి. అనంత పరిమాణం ఉన్న అంతరాళంలో, పరిమిత కోటి ఉన్న పరివర్తనాలు ఒక ఐడియల్. వాటిని ఎన్నిసార్లు కూడినా తత్సమ పరివర్తనం రాదు.

దీని ఫలితాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒకటుంది. ప్రతి 2 × 2 మాత్రికకూ ఒక సంఖ్య ఇచ్చి, కూడికనూ గుణకారాన్నీ రెంటినీ, I కి 1 వచ్చేలా, నిలబెట్టగలమా? నిర్ధారకం గుణకారాన్ని నిలుపుతుంది, కూడికను కాదు. వికర్ణ మూలకాల మొత్తం కూడికను నిలుపుతుంది, గుణకారాన్ని కాదు. ఇంకేదైనా ఉందేమోనని వెతకనక్కర లేదు. అలాంటిది ఉంటే, దానికింద సున్నా అయ్యే మాత్రికలన్నీ ఒక రెండువైపుల ఐడియల్ అవుతాయి. I కి 1 వస్తుంది కాబట్టి అది మొత్తం వలయం కాదు, కనుక సున్నా మాత్రిక ఒక్కటే. కాని E₁₂ వర్గం సున్నా, కాబట్టి E₁₂ కి వచ్చిన సంఖ్య వర్గమూ సున్నా, అంటే ఆ సంఖ్యే సున్నా. E₁₂ మాత్రం సున్నా మాత్రిక కాదు. విరోధం వచ్చింది, అలాంటి సంఖ్య లేదు.

ఇలా మధ్యలో ఐడియల్స్ లేని వలయాలను సరళ వలయాలంటారు. 1907లో వెడర్‌బర్న్ తన వ్యాసంలో దీనికి ఎదురు దిశలో నడిచాడు. క్షేత్రం మీద పరిమిత పరిమాణం ఉన్న సరళ బీజగణితం ఏదైనా, చివరికి మాత్రికల వలయమే అని చూపాడు. గడుల్లోని సంఖ్యలు మాత్రం క్షేత్రం నుంచే కాక, భాగహారం సాధ్యమై గుణకారంలో క్రమం మారితే ఫలితం మారే వలయం నుంచి కూడా రావచ్చు. 1927లో ఆర్టిన్ పరిమాణం షరతును సడలించి, దీన్ని మరింత విస్తరించాడు.

ఇక్కడ ఉన్న విద్యార్థులకు ఒక లెక్క ఇచ్చి ముగిస్తాను. మొదటి అడ్డు వరుసలో 4, 6, రెండో దానిలో 0, 10 ఉన్న మాత్రికను పూర్ణసంఖ్యల మీద తీసుకోండి. అది పుట్టించే రెండువైపుల ఐడియల్ ఏదో పైన చెప్పిన సూత్రంతోనే తేల్చండి. జవాబు మీకు దొరికాక, 10 బదులు 5 పెట్టి మళ్ళీ చేయండి.