ఎక్సెల్ పట్టీ అడిగే అనుమతి – ఇవ్వవలసినదెప్పుడు?



కరువు భృతి బకాయిల లెక్క, ఆదాయపు పన్ను లెక్క ఈ రోజుల్లో ఎక్సెల్ పట్టికల రూపంలో మన చేతికి వస్తున్నాయి. కంప్యూటరులో వాటిని తెరవగానే పైన ఒక రంగు పట్టీ వచ్చి ఏదో అనుమతి అడుగుతుంది. చాలామంది చదవకుండానే నొక్కేస్తారు. మరికొందరు భయపడి ఫైలు మూసేస్తారు. ఈ రెండూ కాకుండా, ఆ పట్టీ ఏమి అడుగుతున్నదో తెలుసుకొని జవాబు చెప్పడం ఎలాగో మనవి చేస్తాను.

ఎక్సెల్ పట్టికలో రెండు రకాల పనివాళ్లుంటారు. ఒకటి సూత్రం. గడిలో కూర్చుని కూడికలు, హెచ్చవేతలు చేసుకుంటుంది. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. రెండవది మాక్రో. ఇది పట్టికలోపల దాచి ఉంచిన ఆదేశాల వరుస. మంచివాడు రాస్తే ఒక్క మీటతో ఫారం నింపి ముద్రణకు సిద్ధం చేస్తుంది. చెడ్డవాడు రాస్తే పట్టిక దాటి బయటికి వచ్చి మన ఫైళ్లు చదవగలదు, చెరపగలదు, ఇంటర్నెట్టు నుంచి మరొక దొంగ ప్రోగ్రామును దింపగలదు. ఆ కంప్యూటరులో మనం ఏమేమి చేయగలమో, మన పేరు మీద అది దాదాపు అన్నీ చేయగలదు. 1999 మార్చిలో మెలిస్సా అనే మాక్రో వర్డ్ ఫైలులో వచ్చింది. తెరిచినవారి చిరునామాల పుస్తకంలోని మొదటి 50 చిరునామాలకు, వారి పేరుతోనే తనను తాను పంపుకొన్నది. అందుకున్నవారు తెలిసినవారి నుంచి వచ్చింది కదా అని తెరిచారు. ఆ కిటుకు నేటికీ పాతబడలేదు.

ఇక పట్టీల సంగతి. డౌన్‌లోడ్ చేసిన ఫైలు తెరిస్తే మొదట PROTECTED VIEW అని పసుపు పట్టీ వస్తుంది. పక్కన Enable Editing అనే మీట ఉంటుంది. ఇది ఫైలును అద్దాల బీరువాలో పెట్టి చూపడం వంటిది. చదువుకోవచ్చు, మార్చలేము. చదవడమే మన పని అయితే అక్కడితో ఆగిపోవచ్చు.

ఆ మీట నొక్కితే, ఫైలులో మాక్రో ఉన్నప్పుడు రెండవ పట్టీ వస్తుంది. అసలు ప్రశ్న ఇదే. పసుపు రంగులో SECURITY WARNING Macros have been disabled అని ఉండి, పక్కన Enable Content మీట ఉంటుంది. అది నొక్కడమంటే అవతలివాడు రాసుకొచ్చిన ఉత్తర్వు మీద చదవకుండా సంతకం చేయడమే. పైగా ఒకసారి నొక్కితే ఎక్సెల్ ఆ ఫైలును నమ్మకస్థుల జాబితాలో చేర్చుకొని, మళ్లీ సాధారణంగా అడగదు.

2022 నుంచి మైక్రోసాఫ్టువారు మరొక కట్టుదిట్టం చేశారు. ఇంటర్నెట్టు నుంచి దిగిన ఫైలులో మాక్రో ఉంటే, కొత్త ఎక్సెల్‌లో ఎర్ర పట్టీ వస్తుంది. SECURITY RISK అని మొదలై, మాక్రోలను ఆపివేశామని చెబుతుంది. అనుమతి మీట ఉండదు. ఫైలు దిగేటప్పుడు విండోస్ దానిమీద “బయటినుంచి వచ్చింది” అని వేసే కనిపించని ముద్రను చూసి ఎక్సెల్ ఇలా చేస్తుంది. అయితే పెన్‌డ్రైవులో పెట్టి తెస్తే ఆ ముద్ర చాలాసార్లు రాలిపోతుంది. అప్పుడు అదే ఫైలుకు పసుపు పట్టీ వస్తుంది. కాబట్టి ఎరుపు రాలేదు గనుక క్షేమమని అనుకోకూడదు. పట్టీ ఫైలు వచ్చిన దారిని బట్టి మారుతుందే గాని, లోపలి ఆదేశాల మంచిచెడ్డలను చదివి చెప్పదు.

మరి నిర్ణయించడమెలా? ఒక ఉదాహరణ తీసుకుందాం. వాట్సాప్ గుంపులో DR_Arrears.xlsm అని ఒక ఫైలు వచ్చిందనుకోండి. తెలిసిన మిత్రుడే పంపాడు. పేరు చివరి అక్షరాలు చూడండి. .xlsx అయితే అందులో మాక్రో ఉండే వీలు లేదు. .xlsm, .xlsb, పాత .xls అయితే ఉండవచ్చు. విండోస్ ఈ చివరి అక్షరాలను మామూలుగా దాచిపెడుతుంది. ఫోల్డరులో View మెనూకు వెళ్లి File name extensions పెట్టుకుంటే కనబడతాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్న: ఈ పనికి మాక్రో అవసరమా? మూల పెన్షను 30,000 రూపాయలు, పెరిగిన భృతి 3.64 శాతం, బకాయి 6 నెలలు అనుకుందాం. కొత్త పట్టికలో A2, B2, C2 గడులలో ఈ మూడు అంకెలు వేసి, D2లో ఇలా రాస్తే చాలు:

```
=A2*B2*C2/100
```

6,552 అని వస్తుంది. ఇంత చిన్న లెక్కకు మాక్రో ఎందుకు? అలాగే బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, ప్రొసీడింగ్స్ వంటివి చదవడానికి మాక్రో అక్కరలేదు. మసకబారిన బొమ్మ పెట్టి “చూడాలంటే Enable Content నొక్కండి” అని రాసి ఉంటే దాన్ని మోసమనే భావించి మూసేయండి.

రెండవ ప్రశ్న: తయారు చేసినదెవరు, నాకు నేరుగా వారి నుంచే వచ్చిందా? మన మిత్రుడు పంపినవాడే గాని తయారు చేసినవాడు కాదు. ఫోను చేసి అడగండి. “నాకూ ఎవరో పంపారు” అంటే, ఆయన మంచితనం ఫైలుకు పూచీ కాదు.

మాక్రో నిజంగా అవసరమయ్యే సందర్భాలూ ఉన్నాయి. 2025-26 మదింపు సంవత్సరానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన ఐ.టి.ఆర్.-1 ఎక్సెల్ ఫైలు మాక్రోలతో పనిచేసేదే. దాన్ని incometax.gov.in అని మనమే టైపు చేసి, అక్కడి డౌన్‌లోడ్ల పేజీ నుంచి దింపుకొంటే రెండు ప్రశ్నలకూ జవాబు దొరికినట్టే. అప్పుడు దిగిన జిప్ ఫైలు మీద కుడి మీట నొక్కి, Properties లో అడుగున ఉన్న Unblock దగ్గర టిక్కు పెట్టి, తరువాత విప్పుకోవచ్చు. అదే ఫైలు వాట్సాప్‌లో వస్తే మాత్రం వద్దు. మధ్యలో ఎవరు ఏమి చేర్చారో మనకు తెలియదు. పైగా ఐ.టి.ఆర్.-1ను పోర్టల్‌లోనే నేరుగా నింపవచ్చు గనుక చాలామందికి ఆ ఫైలుతోనే పని లేదు.

అనుమానమున్నా లోపల ఏముందో చూడాలనిపిస్తే Protected View లోనే చూడండి. లేదా గూగుల్ షీట్స్‌లో తెరవండి. అక్కడ ఎక్సెల్ మాక్రోలు నడవవు. యాంటీవైరస్ ఏమీ అనలేదని మాత్రం ధైర్యపడవద్దు. కొత్తగా రాసిన మాక్రోను అది గుర్తించకపోవచ్చు.

ఇంట్లో ఎవరైనా ఇప్పటికే నొక్కేసి ఉంటే వారిని కోప్పడకండి. కోప్పడితే మరుసటిసారి చెప్పరు. వెంటనే ఇంటర్నెట్టు తీసివేయండి. ఆ కంప్యూటరులో బ్యాంకు పని చేయవద్దు. వేరే ఫోను నుంచి మెయిలు, బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి. కంప్యూటరును తెలిసినవారికి చూపించండి. ఖాతాలో సొమ్ము కదిలితే ఆలస్యం చేయకుండా బ్యాంకుకూ, 1930 నంబరుకూ చెప్పండి.

పట్టీ కనబడినప్పుడు ఈ పనికి మాక్రో కావాలా, తయారు చేసినవారి నుంచే వచ్చిందా అని అడగండి. రెండింటికీ అవుననే జవాబు వస్తేనే అనుమతి ఇవ్వండి. ఒక్కదానికి కాదన్నా ఫైలు మూసేయండి.