బ్యాలెన్స్ షీట్ పై నుంచి కిందికి
(తిరుపతి విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా సర్వీసంతా లెక్కల విభాగంలోనే గడిచింది. అందుకే కార్యదర్శిగారు ఈ విషయం నాకప్పగించారు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్మును మనం ఎక్కడో ఒకచోట దాస్తాం. ఆ సంస్థ ఏటా ఒక బ్యాలెన్స్ షీట్ ఇస్తుంది. అందులో మన డబ్బు ఏ వరుసలో ఉందో కనిపెట్టగలిగితే చాలు, చదవడం వచ్చినట్లే.

బ్యాలెన్స్ షీట్ ఏడాది పొడుగునా జరిగిన కథ కాదు. ఒక్క రోజు, సాధారణంగా మార్చి 31, సాయంత్రానికి ఉన్న పరిస్థితి. సంస్థకు ఉన్నవి, రావలసినవి ఆస్తులు. సంస్థ ఇతరులకు ఇవ్వవలసినవి అప్పులు. ఆస్తుల్లోంచి అప్పులు తీసివేయగా మిగిలేది యజమానుల వాటా. దాన్నే ఈక్విటీ అంటారు. కనుక ఆస్తుల మొత్తం ఎప్పుడూ అప్పులు, ఈక్విటీ కలిపిన మొత్తానికి సమానం.

ఇక వరుస సంగతి. మన కరకంబాడి అమరరాజా ఫ్యాక్టరీ అందరికీ తెలిసినదే. అలాంటి పెద్ద కంపెనీ పట్టికలో ముందు ఆస్తులు వస్తాయి. వాటిలోనూ దీర్ఘకాలం ఉండేవి, అంటే భూమి, భవనాలు, యంత్రాలు మొదట. ఏడాదిలోగా డబ్బయ్యేవి, అంటే సరుకు నిల్వ, వసూలు కావలసిన బాకీలు, నగదు తరువాత. ఆ కింద ఈక్విటీ, ఆఖరున అప్పులు. ఈక్విటీలో మొదటి పద్దు వాటా ధనం. 2023 మార్చి 31 నాటికి ఆ కంపెనీ వాటా ధనం 17.08 కోట్ల రూపాయలే. ఇంత పెద్ద ఫ్యాక్టరీకి ఇంతేనా అనిపిస్తుంది. అది సుమారు 17.08 కోట్ల షేర్లకు ఒక్కొక్కటి రూపాయి ముఖవిలువ చొప్పున కట్టిన లెక్క. ఏళ్ళ తరబడి పంచకుండా ఉంచుకున్న లాభాలు దాని కింది పద్దులో ఉంటాయి. ఆ లాభాలు పెట్టెలో నగదుగా ఉన్నాయనుకోకండి. అవి ఎప్పుడో యంత్రాలుగా, సరుకుగా మారి ఆస్తుల వైపు చేరి ఉంటాయి.

బ్యాంకు పట్టిక దీనికి తలకిందులు. ముందు మూలధనం, రిజర్వులు, వాటి కింద డిపాజిట్లు, తరువాత ఇతర అప్పులు. అవన్నీ అయ్యాక ఆస్తులు. ఆస్తుల్లో మొదట నగదు, రిజర్వు బ్యాంకులోని నిల్వ. భవనాల వంటివి చివరికెక్కడో. డిపాజిట్ అడిగినరోజు ఇవ్వాలి గనుక బ్యాంకుకు నగదే ముఖ్యం. మన ఫిక్సెడ్ డిపాజిట్ మనకు ఆస్తి, బ్యాంకుకు అప్పు. అందుకే అది అప్పుల వైపు కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కాగితం మీద ఈక్విటీ అప్పుల కంటే పైన ఉన్నా, సంస్థ మూతపడితే చెల్లింపు వరుస వేరు. ముందు అప్పులవాళ్ళకు, ఏమైనా మిగిలితేనే వాటాదారులకు. నష్టం వచ్చినప్పుడు మొదటి దెబ్బ ఈక్విటీ మీదే పడుతుంది. డిపాజిట్‌దారుకు అదే గోడ.

ఆ గోడ ఎంత మందమో చూద్దాం. ఇవి నేను ఉదాహరణకు కల్పించిన అంకెలు. ఒక పొదుపు సంఘంలో వాటా ధనం 10 లక్షలు, రిజర్వు 5 లక్షలు, డిపాజిట్లు 80 లక్షలు, ఇతర బకాయిలు 5 లక్షలు. మొత్తం కోటి. ఆస్తుల వైపు నగదు, బ్యాంకు నిల్వ 15 లక్షలు, సభ్యులకిచ్చిన రుణాలు 75 లక్షలు, భవనం 10 లక్షలు. అదీ కోటే. రెండు వైపులా సరిపోయింది. కానీ ఆ రుణాల్లో 20 లక్షలు తిరిగి రావనుకోండి. నిజమైన ఆస్తులు 80 లక్షలే. ఇవ్వవలసినవి 85 లక్షలు. 15 లక్షల ఈక్విటీ మొత్తం పోయి, ఇంకా 5 లక్షలు తక్కువ పడింది. ఆ లోటు డిపాజిట్ల మీదికి వస్తుంది.

రాని బాకీని రాదని రాయనంతకాలం పట్టిక కోటికి కోటి సరిపోతూనే ఉంటుంది. కనుక మొత్తాలు సరిపోయాయని తృప్తి పడకండి. రుణాల పద్దు పక్కన ఒక నోటు నంబరు ఉంటుంది. ఆ నోటు తీసి గడువు దాటిన బాకీలెంత, వాటికి కేటాయించిన సొమ్మెంత అని చూడండి. కేటాయించకుండా వదిలేసిన బాకీని ఈక్విటీతో పోల్చండి. అది ఈక్విటీకి దగ్గరగా వస్తే జాగ్రత్త పడవలసిందే. ఆడిటరు నివేదికలో అభ్యంతరాలేమైనా ఉన్నాయేమో కూడా చూడండి. ఇన్సూరెన్సు ఉన్న బ్యాంకు చేతులెత్తేస్తే ఒక్కో డిపాజిట్‌దారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు రక్షణ 2020 నుంచి ఉంది. పొదుపు సంఘాలకు ఆ రక్షణ లేదు. అక్కడ మనకున్న గోడ ఈక్విటీ ఒక్కటే.

వచ్చే సర్వసభ్య సమావేశానికి పట్టిక చేతికి అందగానే పై నుంచి కిందికి ఒక్కసారి వేలు పెట్టి చదవండి. మీ డబ్బు ఏ వరుసలో ఉందో, దాన్ని కాసే ఈక్విటీ ఎంతో గుర్తించండి. సందేహం ఉంటే సభలోనే లేచి అడగండి.