కంపెనీకి ఉండేదన్న సాక్షి

1966 జూన్‌లో న్యూయార్క్‌లో ఒక దివాలా విచారణ జరిగింది. ప్రమాణం చేసి బోనెక్కిన సాక్షి శామ్యూల్ బ్రాన్‌స్టన్, ‘ఎల్ సిడ్’ లాంటి భారీ చిత్రాలు తీసిన నిర్మాత. అప్పులిచ్చినవాళ్ల తరఫు వకీలు సూటిగానే మొదలుపెట్టాడు. స్విస్ బ్యాంకుల్లో మీకు ఖాతాలున్నాయా అని అడిగితే లేవండీ అన్నాడు బ్రాన్‌స్టన్. మరి ఎప్పుడైనా ఉండేవా? “జ్యూరిక్‌లో కంపెనీకి ఓ ఆరు నెలలు ఒక ఖాతా ఉండేది.”

వకీలు దానితో తృప్తిపడి ముందుకు సాగాడు. నిజానికి 1959 నుంచి 1964 దాకా, దాదాపు ఐదేళ్లు, జెనీవాలో బ్రాన్‌స్టన్ సొంత పేరుమీదే ఖాతా ఉంది. ఆ సంగతి తర్వాత బయటపడింది, అబద్ధపు సాక్ష్యం కేసు పడింది. చిక్కేమిటంటే, ఆయన జవాబులో అబద్ధమన్నది ఒక్కటీ లేదు. విచారణనాటికి ఆయనకు ఖాతా లేదు, కంపెనీకి జ్యూరిక్‌లో ఖాతా ఉండిన మాటా నిజమే. ‘నాకెప్పుడూ లేదు’ అని ఆయన ఎక్కడా అనలేదు. అయినా విన్న ప్రతివాళ్లకూ వినిపించింది అదే.

ఆ అనని మాట ఎక్కడినుంచి వచ్చింది? బ్రాన్‌స్టన్ బోనెక్కిన మరుసటి ఏడు, 1967లో, బ్రిటిష్ తత్వవేత్త పాల్ గ్రైస్ హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఇలాంటి ప్రశ్ననే తీసుకున్నాడు. మాట్లాడుకునేటప్పుడు ఎదుటివాడు సంభాషణకు సహకరిస్తున్నాడని మనం ముందే అనుకుంటాం. అంటే అవసరమైనంత చెబుతాడని, నిజమే చెబుతాడని, సందర్భానికి తగింది చెబుతాడని, స్పష్టంగా చెబుతాడని. ఈ నమ్మకాన్ని ఆసరా చేసుకుని వినేవాడు ఊహించి అందుకునే అదనపు భావానికి సూచితార్థం అని పేరు పెట్టుకోవచ్చు.

వకీలు మనసులో జరిగిన లెక్క ఇది. అడిగింది ఈయన గురించి. ఈయన కంపెనీ గురించి చెప్పాడు. పైకి చూస్తే అది జవాబే కాదు. కానీ సహకరిస్తున్న మనిషి సంబంధం లేనిది చెప్పడు కదా. సొంత ఖాతా ఉండి ఉంటే ముందు అదే చెప్పేవాడు, అడిగినదానికి అసలు జవాబు అదే కాబట్టి. చెప్పలేదంటే లేదన్నమాట, ఏదీ దాచడం లేదని చూపించడానికి కంపెనీ ఖాతా సంగతి కూడా కలిపాడు. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. ఎవరూ కూర్చుని తర్కించరు.

ఇలా పుట్టిన అర్థానికి గ్రైస్ ఒక పరీక్ష చెప్పాడు: అన్నమాటను వెనక్కి తీసుకోకుండానే దాన్ని రద్దు చేయవచ్చు. భోజనానికి లేవమంటే “ఇప్పుడే తినొచ్చానండీ” అన్న చుట్టానికి అర్థం ‘వద్దు’ అనే. అదే చుట్టం “ఇప్పుడే తినొచ్చాను, అయినా మీ గోంగూర పచ్చడి ఉందంటే కూర్చుంటా” అంటే అందులో వైరుధ్యమేమీ లేదు. వద్దన్న అర్థం ఎగిరిపోయింది, తిన్నమాట తిన్నట్టే ఉంది. బ్రాన్‌స్టన్ కూడా “కంపెనీకి ఉండేది, నాకూ ఉండేది” అని ఉంటే మొదటి సగం చెక్కుచెదరదు.

ఇక్కడ చాలామందికి ధర్మరాజు గుర్తుకొస్తాడు. పోలిక కొంతవరకే సరిపోతుంది. ద్రోణుడు మోసపోయింది ఒకే పేరు కొడుక్కూ ఏనుగుకూ ఉండటంవల్ల, ‘ఏనుగు’ అన్న మాట చెవిన పడకపోవడంవల్ల. వకీలుకు మాత్రం ప్రతి మాటా స్పష్టంగానే వినబడింది.

జ్యూరీ బ్రాన్‌స్టన్‌ను దోషి అంది, అప్పీలు కోర్టూ ఒప్పుకుంది. 1973 జనవరిలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ శిక్షను కొట్టేసింది. ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ రాసిన తీర్పు సారాంశం ఇది: మామూలు సంభాషణలో ఇలాంటి జవాబు విన్నవాళ్లు లేదనే అర్థం చేసుకోవచ్చు, కానీ ఇది ప్రమాణంమీద జరుగుతున్న విచారణ, జవాబు పక్కకు జారినప్పుడు పట్టుకుని మళ్లీ అడగడం వకీలు పని. గ్రైస్ భాషలో చెప్పుకుంటే, సహకారాన్ని ముందే నమ్మేయడానికి ఎదురుపక్షం సాక్షి తగినవాడు కాడు. ఆ వకీలుకు కావలసిన ఆనవాలు జవాబులోనే ఉంది: ‘మీకు’ అని అడిగితే ‘కంపెనీకి’ అని వచ్చింది.

ఈ కేసులో బ్రాన్‌స్టన్‌కన్నా ఆసక్తికరమైన ముడి ఒకటుంది. ఒక రోజు ఒక దుకాణానికి యాభైసార్లు వెళ్లినవాడు, ఎన్నిసార్లు వెళ్లావంటే ‘ఐదుసార్లు’ అన్నాడనుకుందాం అని కింది కోర్టు ఒక ఊహ ముందుపెట్టింది. యాభైసార్లు వెళ్లినవాడు ఐదుసార్లూ వెళ్లినట్టే కదా! సుప్రీంకోర్టు ఆ పోలికను ఒప్పుకోలేదు. ‘ఐదు’ అన్నది అడిగినదానికి నేరుగా ఇచ్చిన జవాబు, పక్కదారి పట్టిస్తున్నారన్న అనుమానం రానివ్వదు. పైగా దాన్ని సాంకేతికంగానైనా నిజమనగలమా అన్నదే సందేహం అంది. ‘ఐదు’ అంటే సరిగ్గా ఐదని ఆ మాటకే అర్థమా, లేక ‘కనీసం ఐదు’ అన్న అర్థంమీద వినేవాడు చేర్చుకున్న సూచనా అన్నది భాషా శాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాదించుకుంటున్న విషయం.