అడ్వాన్సు అర్జీలో వాయిదాల లెక్క

జీతం అడ్వాన్సు అడిగే అర్జీలో కష్టాల కన్నా వాయిదాల లెక్కే యజమానిని ఒప్పిస్తుంది. ఆమదాలవలసలోని ఓ రైస్‌మిల్లు గుమాస్తా జీతం 15,000 రూపాయలనుకుందాం. పీఎఫ్ 1,800 పోను చేతికొచ్చేది 13,200. జూన్‌లో పిల్లల ఫీజుకు 24,000 కావాలి. నెలకు 6,000 చొప్పున నాలుగు నెలల్లో తీరుస్తానంటే యజమానికి ముచ్చటే. కానీ ఇంటికి మిగిలేది 7,200. రెండో నెలకే మళ్లీ అప్పు అడగాల్సి వస్తుంది. అందుకే "జూలై నుంచి ఫిబ్రవరి దాకా నెలకు 3,000 చొప్పున ఎనిమిది వాయిదాల్లో కోసుకోగలరు" అని రాయాలి. అప్పుడు ఇంటికి 10,200 మిగులుతుంది. పీఎఫ్‌తో కలిపి నెలకు కోతలు మొత్తం 4,800. సాధారణంగా చట్టం విధించే పరిమితి, అంటే జీతంలో సగం, దాటవు.

మధ్యలో మానేస్తే ఎలాగన్న యజమాని అనుమానమూ న్యాయమే. "అక్టోబరు వాయిదా తర్వాత మానితే మిగిలే 12,000 నా ఆఖరి లెక్కలో సర్దుకోండి, చాలకపోతే నేను కడతాను" అన్న వాక్యమే దానికి జవాబు.